అకిలీస్ మడమ

గ్రీకు వీరులలో అగ్రగణ్యుడైన అకిలీస్ పసికందుగా ఉన్నప్పుడు, మర్త్యుడైన తండ్రి వలన వానికి సంక్రమించిన మరణమును తొలగింపగోరి, తల్లియైన థెటిస్ దేవత వానిని పాతాళమందలి స్టిక్స్ నదిలో ముంచెనట. ఆ జలము సోకిన ప్రతి అవయవమును వజ్రతుల్యమయ్యెను గాని, బిడ్డ ప్రవాహమున జారిపోకుండ ఆమె వ్రేళ్లతో బిగించి పట్టిన మడమ మాత్రము తడియక మిగిలెను. కాపాడిన చేయియే కొఱతను మిగిల్చినది. హెక్టరువంటి మహాయోధుని కూల్చిన ఆ వీరుడు తుదకు, అపోలో దేవుని సాయమున ట్రాయ్ రాకుమారుడు పారిస్ విడిచిన బాణము ఆ మడమకే తగులగా నేలకొరిగెను.

అయితే ఈ మడమకథ హోమరుని ఇలియడ్ కావ్యమున లేదు. అందు శత్రుయోధుడు ఆస్టెరోపియస్ విసరిన ఈటె అకిలీస్ కుడిచేతిని ఒరసికొని పోగా నల్లని రక్తము చిందినది. స్టిక్స్ నదీస్నానమును క్రీస్తుశకము 1వ శతాబ్దిలో లాటిను కవి స్టేషియస్ పేర్కొనెను. హోమరు చిత్రించిన వీరునకు దేహమంతయు భేద్యమే. మిత్రులను సైతము బలిగొన్న క్రోధమే వాని లోపము. తరువాతి కథకులు ఆ లోపమును మడమంత చోటికి కుదించిరి.

గాయపడుదునని ఎఱిగినవాడు కవచము తొడుగును. అభేద్యుడనని నమ్మినవాడు మడమవైపు చూడడు. దాగిన బలహీనత ప్రాణాంతకమగుట అందువలననే.