కోత ఎక్కడ పడాలో మనమే రాద్దాం

(క్రీడా విభాగం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నిరుడు మన విభాగం 60,000 రూపాయలు అడిగింది. టేబుల్ టెన్నిస్ బల్లకు 25,000, ఆరు బ్యాడ్మింటన్ రాకెట్లకు 15,000, ఈకల షటిల్స్ పది డబ్బాలకు 14,000, క్యారమ్ బోర్డుకు 6,000. ఆ ప్రతిపాదన రాసింది నేనే. ఏది ముందో, ఏది వెనకో అందులో రాయలేదు. పైవారు ప్రతి పద్దులోనూ 40 శాతం కోసి 36,000 మంజూరు చేశారు.

బల్లకు 15,000 వచ్చాయి. ఆ ధరకు బల్ల రాదు. క్యారమ్ బోర్డుకు 3,600 వచ్చాయి. దానికి బోర్డూ రాలేదు. ఈ రెండు పద్దుల్లోని 18,600 రూపాయలు మార్చి 31న మురిగిపోయాయి. ఆరు డబ్బాల షటిల్స్ ఆగస్టుకే అయిపోయాయి. పిల్లలు సాయంత్రం రాకెట్లు పట్టుకుని వచ్చి, ఉత్త చేతులతో వెళ్లారు. తప్పు కోసినవారిది కాదు, నాది.

అందుకే ఈసారి కొత్తవి అడిగే ముందు బీరువా తెరిచి ఉన్నవి చూశాం. ఎనిమిది రాకెట్లలో ఐదింటికి తీగలే తెగాయి, ఫ్రేములు బాగున్నాయి. తీగ మార్చడానికి ఒక్కోదానికి 500. మిగతా మూడింటి ఫ్రేములకు పగుళ్లున్నాయి. తీగ బిగిస్తే విరిగిపోతాయి కనుక వాటి బదులు కొత్తవి కావాలి. టేబుల్ టెన్నిస్ బల్ల మీద 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతిని వదిలితే దాదాపు 23 సెంటీమీటర్లు ఎగరాలి. అక్కడక్కడా పది చోట్ల వదిలి చూశాం, అంతటా సమానంగానే లేచింది. కాళ్లు, నెట్టు బాగు చేయిస్తే 4,500తో సరిపోతుంది. పలక వంగిపోయి ఉంటే మాత్రం మరమ్మతు దండగ.

షటిల్స్‌లో రోజువారీ ఆటకు నైలాన్‌వి రాశాం. ఆరుండే డబ్బా 900. ఈకల వాటికన్నా చాలా ఎక్కువ రోజులు వస్తాయి. కానీ అవి ఎగిరే తీరు వేరు. పోటీలు ఈకల షటిల్స్‌తోనే జరుగుతాయి కాబట్టి పోటీకి ముందు సాధనకు వాటినీ రెండు డబ్బాలు ఉంచాం.

ఇప్పుడు ప్రతిపాదన మూడు వరుసల్లో ఉంది. మొదటిది, లేకపోతే ఆటే ఆగిపోయేవి: నైలాన్ షటిల్స్ ఎనిమిది డబ్బాలు 7,200, ఈకలవి 2,800, తీగలు 2,500, మొత్తం 12,500. రెండోది, ఉన్నవాటిని నిలబెట్టేవి: బల్ల మరమ్మతు 4,500, మూడు రాకెట్లు 7,500, మొత్తం 12,000. మూడోది, ఉంటే బాగుండేది: క్యారమ్ బోర్డు 6,000. అన్నీ కలిపి 30,500. ధరలన్నీ జీఎస్టీతో కలిపి కొటేషన్లలో ఉన్నవే.

చివర ఒక వాక్యం చేర్చాం: "తగ్గించవలసి వస్తే మూడో వరుసను పూర్తిగా తీసివేయగలరు, ఏ పద్దునూ సగంలో కోయవద్దని మనవి."

రుణ దరఖాస్తు చూసేటప్పుడు మనం అడిగేది కూడా ఇదే కదా: ఇంతకన్నా తక్కువిస్తే పని జరుగుతుందా, ఆగుతుందా? ఆ జవాబు ఈసారి కాగితం మీదే ఉంది. బోర్డు రాకపోయినా, షటిల్ లేక ఏ పిల్లవాడూ వెనక్కి వెళ్లడు.