పచ్చబడిన బంగాళాదుంప – పారేయలేని మన చేయి
(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల మీద మాట్లాడమంటే నాకంటే బాగా మాట్లాడేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన పని ఆహార పదార్థాల పరీక్ష. ఉద్యోగంలో చేరిన నాటినుంచి రిటైరయ్యేదాకా పప్పులు, నూనెలు, పాలు, పసుపు పరీక్షించడమే చేశాను. అందువల్ల కార్యదర్శిగారు "ఇంట్లో పనికివచ్చే విషయం ఒకటి చెప్పండి" అన్నప్పుడు బంగాళాదుంపను ఎంచుకున్నాను. కొందరు ఆలుగడ్డ అంటారు, కొందరు ఉర్లగడ్డ అంటారు. పేరు ఏదైనా దుంప ఒక్కటే, అందులోని విషమూ ఒక్కటే.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. మొన్న వేసవిలో మేమిద్దరం మా అబ్బాయి దగ్గరకు వెళ్ళి నలభై రోజులు ఉండి వచ్చాము. వెళ్ళేముందు కొన్న దుంపలు వంటింటి కిటికీ పక్కన బుట్టలో ఉండిపోయాయి. వచ్చి చూస్తే తొక్క ముడతలు పడింది, ఒకవైపు ఆకుపచ్చగా తిరిగింది, కళ్ళ దగ్గర అంగుళం పొడవు మొలకలు వచ్చాయి. మా ఆవిడ "పారేద్దామా?" అంది. "మొలకలు గిల్లేసి వండు, రెండు కిలోలు ఎవరు పారేస్తారు?" అన్నది నేను. కూర చేసింది. మాతో వచ్చిన మనవడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "తాతయ్యా, చేదు" అని ఉమ్మేశాడు. "కారం తగిలిందిలే" అని నేను కంచం ఖాళీ చేశాను. రాత్రి రెండు గంటలకు వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆవిడ కొద్దిగా తినడం వల్ల వికారంతో సరిపోయింది. మనవడికి ఏమీ కాలేదు. దానికి ఆ కూరే కారణమని నేను పరీక్ష చేసి రుజువు చేయలేదు. కానీ జీవితమంతా ఇతరుల ఆహారం పరీక్షించినవాణ్ణి, పిల్లవాడి నాలుక చెప్పిన మాట వినలేదు కదా అని ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇంతకూ ఆ చేదు ఏమిటి? బంగాళాదుంప మొక్క వంగ, టమాటా, కామంచి మొక్కల కుటుంబానికి చెందినది. పురుగులనుంచి, బూజు తెగుళ్ళనుంచి తనను కాపాడుకోవడానికి అది కొన్ని చేదు పదార్థాలను తయారు చేసుకుంటుంది. వాటిలో ముఖ్యమైనవి రెండు: సోలనిన్, చాకొనిన్. ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి కాబట్టి వాడుకలో రెండింటినీ కలిపి సోలనిన్ అనేస్తాము. 1820లో ఫ్రాన్సులో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు సోలనిన్‌ను మొదట వేరు చేసింది మన కామంచి జాతి మొక్క పండ్లనుంచే.

ఆకుపచ్చ రంగు విషం కాదు. అది ఆకుల్లో ఉండే పత్రహరితమే, దానితో ఏ హానీ లేదు. దుంప మట్టిలో ఉండవలసిన వస్తువు. వెలుతురు తగిలితే, అది సూర్యరశ్మి కానీ, కొట్లోని ట్యూబులైటు కానీ, పైకి వచ్చేశానని భావించి ఆకులాగా పచ్చబడుతుంది. అదే వెలుతురు సోలనిన్ తయారీని కూడా పెంచుతుంది. అందువల్ల పచ్చదనం విషం కాకపోయినా విషానికి జెండా వంటిది. జెండా లేకుండా కూడా విషం పెరగవచ్చు. దెబ్బ తగిలిన దుంపలో, చీకట్లోనే మొలకెత్తిన దుంపలో రంగు మారకపోయినా సోలనిన్ ఎక్కువ కావచ్చు. కళ్ళ చుట్టూ, తొక్కలో, తొక్క కింది పలుచని పొరలో ఇది ఎక్కువ, లోపలి గుజ్జులో తక్కువ. అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మొలకల్లోనే.

ఇక ఒంట్లోకి వెళ్ళాక ఏమి చేస్తుందో చూద్దాము. ఇది రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది.

మొదటిది పేగుల్లో. మన శరీరంలోని ప్రతి కణానికీ ఒక పొర ఉంటుంది. ఆ పొరలో కొలెస్టరాల్ ఒక భాగం. సోలనిన్, చాకొనిన్ ఆ కొలెస్టరాల్‌కు అతుక్కుని పొరకు చిల్లులు పెడతాయి. పేగు లోపలి గోడ కణాలు ఈ విధంగా దెబ్బతినడం వల్లనే కడుపు నొప్పి, వాంతులు, విరేచనాలు వస్తాయి.

రెండవది నరాల మీద. నరం కండరానికి ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఎసిటైల్ కోలీన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. పని కాగానే దాన్ని తుడిచివేయడానికి ఒక ఎంజైమ్ ఉంటుంది, దాని పేరు కోలీన్ ఎస్టరేజ్. సోలనిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఆజ్ఞ చెరిగిపోక మోగుతూనే ఉంటుంది. పొలంలో మందు కొట్టేటప్పుడు కొన్ని రకాల పురుగుమందులు ఒంటికి పట్టి రైతులు పడిపోవడం మనం ఎరుగుదుము. ఆ మందులు దెబ్బ కొట్టేది కూడా ఈ ఎంజైమునే. అయితే ఆ మందుల పట్టు గట్టిది, సోలనిన్ పట్టు సడలిపోయేది. అయినా మోతాదు ఎక్కువైతే తలనొప్పి, మగత, తికమక, నాడి బలహీనపడడం, రక్తపోటు తగ్గడం వంటివి కనిపిస్తాయి.

మనకు ఒక అదృష్టం ఉంది. తిన్న సోలనిన్ అంతా రక్తంలోకి వెళ్ళదు. చాలా భాగం పేగుల్లోనే విరిగి తక్కువ విషంగా మారి బయటకు పోతుంది. కానీ రక్తంలోకి వెళ్ళినది త్వరగా పోదు.

దీనికి వైద్య గ్రంథాలలో నమోదైన ఒక ఉదంతం చెబుతాను. 1969లో లండన్ ఆగ్నేయ ప్రాంతంలోని ఒక పాఠశాలలో సెలవుల తరువాత బడి తెరిచి, మగపిల్లలకు మధ్యాహ్న భోజనంలో ఉడికించిన బంగాళాదుంపలు పెట్టారు. వాటిలో వేసవి సెలవులకు ముందునుంచీ మిగిలిపోయిన ఒక బస్తా దుంపలు ఉన్నాయి. తిన్న 7 గంటల నుంచి 19 గంటల లోపు 78 మంది పిల్లలు జబ్బుపడ్డారు. వాంతులు, విరేచనాలు, కడుపు నొప్పి, జ్వరం వచ్చాయి. పదిహేడు మందిని ఆసుపత్రిలో చేర్చారు. ముగ్గురి పరిస్థితి ప్రమాదకరమైంది. స్పృహ తప్పడం, రక్తప్రసరణ మందగించడం, ఒళ్ళు ఎగిరిపడడం జరిగాయి. కొందరు పిల్లలు లేనివి ఉన్నట్లు చూశారు. దుంపల్లో సోలనిన్ ఎక్కువగా ఉన్నదని, పిల్లల రక్తంలో కోలీన్ ఎస్టరేజ్ తగ్గినదని పరీక్షల్లో తేలింది. అందరూ కోలుకున్నారు. ఈ వివరాలు 1979లో వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి.

ఈ ఉదంతంలో మన ఇళ్ళకు పనికివచ్చే సంగతులు రెండు ఉన్నాయి. బాధ తిన్న వెంటనే రాలేదు, చాలా గంటల తరువాత వచ్చింది. కాబట్టి తెల్లవారుజామున వాంతి అయితే ముందురోజు మధ్యాహ్నం తిన్నది కూడా గుర్తు చేసుకోవాలి. మరొకటి, ఆ దుంపలు ఉడికించినవే. అయినా విషం పోలేదు.

మనలో చాలామంది "బాగా ఉడికితే అంతా పోతుంది" అనుకుంటాము. సూక్ష్మజీవుల విషయంలో అది చాలావరకు నిజం. సోలనిన్ విషయంలో నిజం కాదు. నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది, ప్రెషర్ కుక్కరులో 120 దాకా వెళుతుంది, వేపుడు నూనె 170 లేక 180. ఆ వేడికి సోలనిన్ పూర్తిగా పోదు. ఉడికించిన నీళ్ళు పారబోసినా అంతా పోదు.

మరి ఎంత తింటే ప్రమాదం? యూరోపు ఆహార భద్రతా సంస్థ 2020లో ఒక అంచనా ఇచ్చింది. మనిషి బరువులో కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున లోపలికి వెళితే బాధలు మొదలు కావచ్చునని దాని సారం. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యోవంతు. మంచి దుంపలో 100 గ్రాములకు సాధారణంగా 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. 20 దాటితే తినకూడదని చాలా దేశాల్లో పరిగణిస్తారు.

ఈ లెక్క మన ఇంట్లో వేసి చూద్దాము. మంచి దుంపలో 100 గ్రాములకు 5 మిల్లీగ్రాములు అనుకోండి. 60 కిలోల పెద్దమనిషి పావుకిలో తింటే 12.5 మిల్లీగ్రాములు వెళతాయి, భయం లేదు. పచ్చబడిన దుంపలో 25 మిల్లీగ్రాములు అనుకోండి. అదే పావుకిలో తింటే 62.5 మిల్లీగ్రాములు, అంటే గీత దాటినట్లే. 20 కిలోల మనవడికైతే ఆ దుంప 80 గ్రాములు చాలు, అంటే ఒక చిన్న దుంప. ఒకే గిన్నెలో కూర తిన్నా ముందు పడిపోయేది పిల్లవాడేనని దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రాణానికి ముప్పు వచ్చే మోతాదు కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల మధ్య ఉంటుందని చెబుతారు.

ఇక ఏది ఉంచాలి, ఏది పారేయాలి? దుంప గట్టిగా ఉండి, చిన్న మొలక ఒకటి రెండు వస్తే, మొలకను గిల్లడం కాదు, కన్నుతో సహా లోతుగా తవ్వి తీసేయండి. తొక్క మందంగా చెక్కండి. చిన్న పచ్చ మచ్చ ఉంటే దాని చుట్టూ, కింద కూడా ధారాళంగా కోసి పారేయండి. దుంప మెత్తబడి ముడుచుకున్నా, మొలకలు పెద్దవైనా, సగం పచ్చబడినా, చెక్కిన తరువాత కూడా పచ్చగా కనిపించినా మొత్తం పారేయండి. పశువులకు కూడా వేయవద్దు. వండాక చేదు తగిలినా, గొంతులో మంట పెట్టినా కూర పారబోయవలసిందే. మన కారాలు, మసాలాలు ఆ చేదును కప్పిపుచ్చుతాయి, ఆ సంగతి నా కంచమే చెప్పింది.

నిల్వ చేసేటప్పుడు చీకటి, చల్లదనం, గాలి మూడూ ఉండాలి. గోనెసంచిలో గానీ కప్పిన బుట్టలో గానీ ఉంచండి. కిటికీ పక్కన, బాల్కనీలో, లైటు కింద వద్దు. మన ఎండాకాలంలో దుంప త్వరగా మొలకెత్తుతుంది, కనుక వారానికి సరిపడా కొనుక్కోవడమే మేలు.

ఒకవేళ తినేస్తే దీనికి విరుగుడు మందు లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడడమే ముఖ్యమైన వైద్యం. వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, మాట తడబడినా ఇంట్లో కూర్చోకుండా డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి, ఏమి తిన్నదీ ఎప్పుడు తిన్నదీ చెప్పండి. మతిమరుపు జబ్బుకు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా నేను చెప్పిన ఆ ఎంజైము మీదే పనిచేస్తాయి. అటువంటి మాత్రలు వాడేవారు ఆ సంగతి కూడా చెప్పాలి.

మనం జీతం రాళ్ళతో పిల్లల్ని పెంచిన తరం. ఒక్క దుంప పారేయాలన్నా చేయి రాదు. నాకూ రాలేదు. ఆ రోజు ఆదా అయింది రెండు కిలోల దుంపలు, ఖర్చయింది డాక్టరు ఫీజు, రెండు సెలైన్ సీసాలు. లెక్కల్లో ఎన్నడూ తప్పని మా అకౌంట్స్ మిత్రులే చెప్పాలి, అది లాభమో నష్టమో. ఇప్పుడు మా ఇంట్లో వంట అయ్యాక మొదటి ముద్ద మనవడికి పెట్టను, నేనే రుచి చూస్తాను. కానీ ఎవరు "చేదు" అన్నా వెంటనే వింటాను.