మింగలేని వారికి మనం పంపే ముద్ద

(వార్షిక సర్వసభ్య సమావేశంలో భోజన సేవా విభాగం తరఫున చేసిన ప్రసంగం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఆసుపత్రి దగ్గర మన సొసైటీ తరఫున జరుగుతున్న భోజన సేవ గురించి మీకు తెలుసు. ఈ ఏడాది ఎన్ని పొట్లాలు పంచామో కార్యదర్శి గారి నివేదికలో ఉంది. మేము ఈ రోజు ఆ లెక్క చెప్పడానికి రాలేదు. ఆ పొట్లాల్లో మేము చేసిన ఒక పొరపాటు, దాన్ని దిద్దుకున్న తీరు మీ ముందు ఉంచాలని వచ్చాం.

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వచ్చినవారికి రేడియేషన్ ఇస్తారు. మన జనం దాన్ని కరెంటు పెట్టించుకోవడం అంటారు. సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. మొదటి వారంలో రోగి మామూలుగానే తింటాడు. రెండో వారం, మూడో వారం వచ్చేసరికి నోటి లోపలి పొర ఎర్రబడి పుండ్లు పడుతుంది. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. ఉమ్మి మింగినా గొంతులో గాజుపెంకు దిగినట్టు ఉంటుంది. చికిత్స ముగిశాక కూడా ఈ బాధ కొన్ని వారాలు ఉంటుంది.

పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక చాచా సంగతి చెబుతాం. వయసు 58. చాలా ఏళ్లు గుట్కా నమిలిన మనిషి. చేరినప్పుడు బరువు 54 కిలోలు. మూడో వారం చివరికి 50 అయింది. మన పొట్లం ఆయనకు రోజూ అందుతూనే ఉంది. అందులో బగారా అన్నం, ఖట్టీ దాల్, టమాటా చట్నీ, పక్కన ఒక బత్తాయి. ఒకరోజు పొట్లం ఇచ్చి కాసేపు అక్కడే కూర్చున్నాం. చాచా దాన్ని విప్పి కొడుకు ముందుకు జరిపాడు. "మీరు తినరా చాచా?" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. చాచీ చెప్పింది: "పులుపు తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి బాబూ. మీరు ప్రేమగా తెచ్చేది, వద్దంటే బాగుండదని తీసుకుంటున్నాం."

ఆ మాటతో మాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే ఆసుపత్రిలోని డైటీషియన్ అమ్మగారిని కలిశాం. ఆమె చెప్పింది ఇంతే. పుండు మీద పులుపు, కారం మండిస్తాయి. గట్టిది, కరకరలాడేది గీసుకుంటుంది. వేడి మంట పెంచుతుంది. అందువల్ల ముద్ద మెత్తగా, చల్లారి, చప్పగా ఉండాలి. బరువు బాగా తగ్గితే రోగి నీరసించి చికిత్స మధ్యలో ఆగే ప్రమాదం ఉంది. రేడియేషన్ మధ్యలో ఆగితే దాని ఫలితం తగ్గుతుంది. అంటే ఆ ముద్ద చికిత్సలో భాగమే.

ఇక వంట. ఒక గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు, ఆరేడు గ్లాసుల నీళ్లు పోసి మెతుకు కనబడనంత మెత్తగా ఉడికిస్తాం. ఉప్పు కొద్దిగా వేస్తాం. మిర్చి, మిరియాలు, చింతపండు, టమాటా, వేయించిన ఉల్లి వేయం. పప్పుగుత్తితో మెదిపి నెయ్యి కలుపుతాం. ఎక్కువ తినలేని మనిషికి తిన్న కాస్తలోనే బలం దొరకాలి కదా. మణికట్టు మీద చుక్క వేసి చూస్తే వేడి తెలియనంత చల్లారాక డబ్బాలో పోస్తాం.

మాంసం మానాల్సిన పని లేదు. మన వంటింట్లోనే హరీస్ ఉంది. గోధుమ, మాంసం గంటల తరబడి ఉడికించి కర్రతో మెదిపే వంటకం. దాన్ని మసాలా లేకుండా చేసి, ఎముక ముక్క, నార లేకుండా చూసి, చప్పటి యఖ్నీతో పలచన చేస్తే ఆ గొంతు దిగుతుంది. హలీమ్‌కు రుచి తెచ్చే నిమ్మరసం, మిర్చి, వేయించిన ఉల్లి, జీడిపప్పు, ఇవే రోగికి శత్రువులు. వాటిని పక్కన పెడితే చాలు.

పాలలో నానబెట్టి మెదిపిన ఇడ్లీ, చల్లారిన రాగిజావ, సేమియా లేకుండా మెత్తటి రవ్వ ఖీర్, మెత్తగా ఉడికించి పాలతో మెదిపిన గుడ్డు, పులవని పెరుగు, బాగా మాగిన అరటిపండు, బొప్పాయి, సపోటా కూడా పనికొస్తాయి. షుగర్ ఉన్నవారికి ఖీర్, తీపి పండ్ల విషయం డాక్టర్‌ను అడిగాకే. చల్లనిది హాయి అని మరీ ఐసులాంటిది అందరికీ పడదు. కొందరికి అదీ గుచ్చుకుంటుంది. రోగినే అడగాలి.

బత్తాయి, నారింజ, అనాస, నిమ్మ షర్బత్, పచ్చడి, సోడా, సమోసా, రస్కు, చిప్స్, వేయించిన పల్లీలు, ఎండు రొట్టె, ఇవేవీ ఆ మంచం దగ్గరికి వెళ్లకూడదు. పరామర్శకు వెళ్లేవారు ఎక్కువగా పట్టుకెళ్లేది బత్తాయిలే!

చాచాకు నాలుగో వారం నుంచి మూడు పూటల భోజనం మార్చి, గంటన్నర, రెండు గంటలకు ఒక చిన్న గిన్నె చొప్పున రోజుకు ఆరేడు సార్లు ఇచ్చాం. డాక్టర్ రాసిన నొప్పి మందు తినడానికి అరగంట ముందు వేసేవారు. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి తినడానికి ముందు, తరువాత పుక్కిలించి ఉమ్మేవారు. పుండ్లు ఆహారంతో మానలేదు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ బరువు 49 దగ్గర నిలిచింది. చికిత్స ఒక్క రోజూ ఆగకుండా పూర్తయింది.

మన చేతిలో లేనివీ ఉన్నాయి. నీళ్లు తాగినా పొలమారి దగ్గు వస్తుంటే, మాట తడితడిగా వినిపిస్తుంటే ఆహారం శ్వాసనాళంలోకి పోతుండవచ్చు. అప్పుడు బలవంతంగా తినిపించకూడదు. జ్వరం వచ్చినా, నోట్లో తెల్లటి పూత కనిపించినా, నీళ్లు కూడా దిగకపోయినా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఊపిరి ఆడకపోతే ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. ముక్కు ద్వారా గొట్టం వేస్తామని డాక్టర్ అంటే భయపడి పారిపోకండని వారి ఇంటివారికి నచ్చజెప్పడం కూడా మన సేవే.

రమజాన్‌లో మరో సంగతి ఎదురైంది. ఇద్దరు రోగులు రోజా వదలమని పట్టుబట్టారు. రోగికి ఖుర్ఆన్ సడలింపు ఇచ్చిందని, కోలుకున్నాక ఆ రోజులు పూర్తి చేసుకోవచ్చని, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉందని ఇమామ్ సాహెబ్ స్వయంగా వచ్చి చెప్పాక గిన్నె అందుకున్నారు.

దాతలకు మా విన్నపం ఒకటే. ఇంట్లో శుభకార్యం జరిగితే బిర్యానీ పంపండి, రోగుల వెంట వచ్చినవారు సంతోషంగా తింటారు. దానితోపాటు బియ్యం, పెసరపప్పు, గోధుమ రవ్వ, నెయ్యి, పాలపొడి కూడా పంపండి. ఇప్పుడు రెండు డేగిషాలు వేరువేరుగా పెడుతున్నాం. చప్పటి డేగిషాలో మిర్చి తగిలిన గరిటె కూడా పెట్టం.

చాచా ఊరికి వెళ్తూ మా గరిటె పట్టే అబ్బాయి చేయి పట్టుకుని దువా చేశాడు. ఆ దువాలో మీ అందరి వాటా ఉంది.