మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది?

 

తీజ్ పాటల సాధనకు మనం ఒకసారి చేవెళ్లలో, ఒకసారి మొయినాబాద్‌లో కూర్చుంటున్నాం. ఎంతమంది వచ్చారని ఎవరడిగినా ఇన్నాళ్లూ కుర్చీలు లెక్కపెట్టి చెప్పాం. కాని మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పాటను పెద్దవాళ్ల నోట విని నేర్చుకోవాల్సిందే. తొమ్మిది రోజులు గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడాల్సిన ఆడపిల్లకు ఒక్కరోజు వింటే పాట రాదు. ప్రతిసారీ కొత్త పిల్లలే వచ్చి పోతుంటే, కుర్చీలు నిండినా పాట నిలవదు.

అందుకే వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ, తండ్రి పేరూ, తండా పేరూ రాయించుకోవాలి. ఒకే పేరు తండాలో నలుగురికి ఉంటుంది. ఇంటికి ఒకటే ఫోను కాబట్టి అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే నంబరు రాస్తారు. నంబరు చూసి కలిపేస్తే ఇద్దరు ఒక్కరవుతారు. ఒకసారి లక్ష్మి, ఇంకోసారి లచ్చి అని రాస్తే ఒక్కరే ఇద్దరవుతారు. ఈ దిద్దుబాటు తండా ఎరిగిన మనిషే చేయాలి.

ఒక లెక్క చూద్దాం. నాలుగు కూర్పులకు 60, 50, 55, 45 మంది వచ్చారనుకుందాం. సంతకాలు 210. పేర్లు కలిపి చూస్తే వేర్వేరు మనుషులు 120 మందే. మొదటిసారి వచ్చినవాళ్లు వరుసగా 60, 25, 20, 15. రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వచ్చినవాళ్లు 48 మంది. 120లో 48 అంటే నూటికి 40.

ఇక్కడే పొరపాటు. చివరి కూర్పుకే మొదటిసారి వచ్చిన 15 మందికి మళ్లీ వచ్చే అవకాశమే లేదు కదా! వాళ్లను పక్కనపెడితే 105లో 48, నూటికి దాదాపు 46.

ఇంకో మాట. చివరిరోజు వచ్చిన 45 మందిలో 30 మంది పాతవాళ్లే. ఇది నూటికి 67, వినడానికి బాగుంటుంది. కాని అది ఆ రోజు గదిలో ఎవరున్నారో చెబుతుంది, రాకుండా పోయినవాళ్ల గురించి ఏమీ చెప్పదు. సభల్లో మనం గొప్పగా చెప్పుకునేది ఎక్కువగా ఈ అంకెనే, ఒప్పుకోవాలి.

చోటు కూడా చూడాలి. చేవెళ్ల వైపు పిల్ల మొయినాబాద్ కూర్పుకు రాకపోతే పాట మీద మనసు లేదని కాదు, సాయంత్రం తిరిగి వెళ్లడం కష్టమై ఉండొచ్చు. ఆమె మూడోసారి, మళ్లీ చేవెళ్లలో, వచ్చిందా అని చూస్తేనే తెలుస్తుంది. అందుకని రెండు ఊళ్లకూ వేరువేరుగా లెక్క కట్టి, పైన మొత్తం వేసుకుంటాం. ఒకసారి వచ్చి మళ్లీ రానివాళ్ల పేర్లు తండాలవారీగా రాసి పెడతాం. తర్వాతి కూర్పుకు ముందు ఆ ఇళ్లకు మన అక్కలు వెళ్లి, ఎందుకు రాలేదో అడిగి వస్తారు.