శని, ఆదివారాల భోజనం: వారం లెక్క



మన కిష్టారెడ్డిపేటలో సోమవారం నుండి శుక్రవారం దాకా చాలా ఇళ్ళలో తిండి పద్ధతిగానే సాగుతుంది. శని, ఆదివారాల్లో పిల్లలు, మనవలు ఇంట్లో ఉంటారు. బగారా అన్నం, మటన్ కూర, సాయంత్రం మిర్చి బజ్జీలు తప్పవు. మానమని నేననను, వారానికి లెక్క కట్టుకోమంటాను.

ఒకాయనకు డాక్టరుగారు రోజుకు సగటున 1,700 కేలరీలు చెప్పారనుకుందాం. వారానికి 11,900. ఐదు రోజులు 1,550 చొప్పున తింటే 7,750 ఖర్చు. మిగిలిన 4,150లో శని, ఆదివారాలకు 2,075 చొప్పున వస్తుంది. ఆ రెండు రోజులూ 2,600 చొప్పున తిన్నారో, మొత్తం 12,950, సగటు 1,850. ఐదు రోజుల పొదుపు పోయి, పైన బాకీ పడింది.

ఈ బాకీలో నూనెది పెద్ద వాటా. ఐదు గ్రాముల చిన్న చెంచాడు నూనెకు 45 కేలరీలు. సీసాతో వంచి పోస్తే లెక్కకు అందదు, చెంచాతో కొలిచి పోయాలి. మామూలు రోజుల్లో 150 తగ్గించడానికి వంద గ్రాముల అన్నం, అర చెంచా నూనె మానితే చాలు. పప్పు, పెరుగు, గుడ్డు జోలికి పోవద్దు.

సోమవారం బరువు చూసి బెంగపడకండి. ఆదివారం తిన్న ఉప్పుకు ఒంట్లో నీరు నిలిచి కాటా ఎక్కువ చూపుతుంది. ప్రతి శుక్రవారం పొద్దున, ఏమీ తినకముందు చూసుకుని, నాలుగు వారాల అంకెలు పోల్చండి.

షుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడేవారు మాత్రం ఆదివారం తిన్నదానికి సోమవారం పూట మానకూడదు. షుగరు పడిపోవచ్చు. వారు ఏ మార్పయినా డాక్టరుగారిని అడిగే చేసుకోవాలి.