ట్రాక్టరు కిరాయి లెక్క – మా సంఘం అనుభవం
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. ఉపన్యాసాలు చెప్పడం రాదు. మా గ్రూపు ట్రాక్టరు సంగతి చెప్పమన్నారు కాబట్టి మా పుస్తకంలో ఏముందో అదే చెబుతాను. మొదటి ఏడాది మేము నష్టపోయాం. ఎక్కడ నష్టపోయామో తెలుసుకోవడానికే మాకు ఏడాది పట్టింది. ఇప్పుడు మూడు నాలుగు ఊళ్ల గ్రూపులు ట్రాక్టరు కొందామని అనుకుంటున్నాయని విన్నాను. అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను.

మేము పన్నెండు మందిమి. ట్రాక్టరు, రోటావేటరు కలిపి తొమ్మిది లక్షలయ్యింది. మూడు లక్షలు మా పొదుపు, ఆరు లక్షలు అప్పు. ఐదేళ్లలో తీర్చాలి, ఆరు నెలలకొక కిస్తీ. మా ఊళ్లో కింద చెరువు ఆయకట్టు వరి, పైన పత్తి, మొక్కజొన్న. పని ఉంటుందని ధైర్యంగా కొన్నాం.

కిరాయి ఎంత పెట్టాలన్నప్పుడు మేము వేసిన లెక్క చాలా చిన్నది. గంటకు అయిదు లీటర్ల లోపు డీజిలు, అంటే నాలుగు వందల తొంభై దాకా. డ్రైవరుకు నూట యాభై. వెయ్యి తీసుకుంటే మూడు వందల అరవై మిగులుతుంది కదా అనుకున్నాం. ఊళ్లో మిగతా ట్రాక్టర్లు పన్నెండు వందలు తీసుకుంటున్నాయి. మనం వెయ్యికే ఇస్తే అందరూ మన దగ్గరికే వస్తారు అనుకున్నాం. వచ్చారు కూడా. సీజన్లో మా ట్రాక్టరు ఖాళీగా లేదు. అందరం సంతోషపడ్డాం.

రెండో కిస్తీ కట్టే రోజు వచ్చేసరికి పెట్టెలో డబ్బు లేదు. మా పొదుపులోంచి తీసి కట్టాం. ఒక అక్క తన కూతురు కాలేజీ ఫీజు కోసం దాచుకున్న డబ్బు కూడా అందులో ఉంది. ఆమె నన్ను ఒక మాట అడిగింది. "చెల్లీ, బండి రోజూ తిరుగుతోంది కదా, మరి డబ్బులు ఏమైనట్టు?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మా బుక్ కీపరు, నేను కూర్చుని బిల్లులన్నీ ముందేసుకుని లెక్క రాశాం.

ఆ ఏడాది డీజిలుకు 2,30,000, డ్రైవరుకు 73,000, ఇంజనాయిలు, ఫిల్టర్లు, గ్రీజుకు 13,000, రోటావేటరు బ్లేడ్లకు 18,000, రిపేర్లకు 31,000 అయ్యింది. ఇవన్నీ బండి తిరిగితే అయ్యే ఖర్చులు, మొత్తం 3,65,000. బండి తిరిగినా తిరగకపోయినా అయ్యే ఖర్చులు వేరే ఉన్నాయి. కిస్తీలు, వడ్డీ కలిపి 1,88,400. ఇన్సూరెన్సు 11,600. ఇవి రెండూ కలిపితే రెండు లక్షలు. అంతా కలిపితే 5,65,000.

వచ్చిందెంత? మీటరు మీద బండి 500 గంటలు నడిచింది. మేము రైతుల దగ్గర డబ్బు రాసుకున్నది 420 గంటలకే. 4,20,000 రావాలి. అందులో 35,000 అరువులు. అంటే మాకు గంటకు 1,345 రూపాయలు ఖర్చవుతుంటే వెయ్యికి ఇచ్చాం. పన్నెండు వందలు తీసుకునే పక్కవాళ్లు ఎక్కువ తీసుకుంటున్నారని మేమే అనుకున్నాం!

ఇక్కడ మూడు సంగతులు బయటపడ్డాయి. వాటినే మీకు చెప్పాలి.

మొదటిది ఆ 80 గంటలు. మీటరు తిరిగింది, డీజిలు కాలింది, డబ్బు రాలేదు. పొద్దున తూర్పు గట్టున ఒక ఎకరం, మధ్యాహ్నం చెరువు కింద అరెకరం, సాయంత్రం మళ్లీ తూర్పుకు. ఎవరు ముందు అడిగితే వాళ్ల దగ్గరికి పంపేవాళ్లం. దమ్ము సీజన్లో ఇంకా కష్టం. కేజీ వీల్స్ తగిలించాక తారు రోడ్డు ఎక్కకూడదు, రోడ్డు పాడవుతుంది. అందుకని వాటిని తీయడం, మళ్లీ తగిలించడం, దాంతో సగం పూట పోయేది.

ఇప్పుడు ఒక పక్కన నాలుగైదెకరాలు పోగయితేనే బండి పంపుతాం. ఏ పక్కకు ఏ రోజో రెండు రోజుల ముందే చెబుతాం. తొందరున్న రైతు తన పక్క పొలాల వాళ్లను తనే కలుపుకొస్తాడు. పొలంలో దిగేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు మీటరు చూసి చీటీ మీద రాసి రైతు సంతకం తీసుకుంటాం. ఎంత చిన్న మడి అయినా అరగంట కిరాయి ఉంటుంది. రెండో ఏడాది ఇలా పోయే గంటలు 50కి తగ్గాయి.

రెండోది రిపేరు. 31,000లో 18,500 ఒక్కసారే అయ్యింది. అది మా అజాగ్రత్త. మంచి దమ్ముల మీద ఉన్నప్పుడు రోటావేటరు పక్క డబ్బా కింద పొద్దున పూట ఆయిలు చుక్కలు కనిపించాయి. డ్రైవరు చెప్పాడు కూడా. సీజను అయిపోయాక చూద్దాంలే అన్నాం. అక్కడ ఆయిలు సీలు ఉంటుంది, నాలుగు వందల సామాను. గడ్డి, ప్లాస్టిక్ తాళ్లు, పాత చీర పీలికలు షాఫ్టు చివర చుట్టుకుని ఆ సీలును కోసేస్తాయి. ఆయిలు బయటికి పోతుంది, బురద నీళ్లు లోపలికి వస్తాయి. నాలుగైదు రోజులకే బేరింగు పట్టేసింది, లోపల పళ్లు కూడా అరిగాయి.

రిపేరుకు ఆరు రోజులు పట్టింది. ఆ రోజుల్లో రోజుకు ఎనిమిది గంటల పని రాసిపెట్టుకుని ఉన్నాం. 48 గంటలు, 48,000. నీళ్లు వదిలిన మడి ఆగదు కదా, ఆ రైతులు వేరే బండ్లకు పోయారు. వాళ్లది తప్పు కాదు. నాలుగు వందల సీలు దగ్గర మొదలై అరవై ఆరు వేలు దాటింది.

అందుకని ఇప్పుడు సాయంత్రం పని దిగాక, ఇంజను ఆపి, తాళం తీసేసిన తర్వాతే, డ్రైవరు షాఫ్టుకు చుట్టుకున్న చెత్త కోసి తీస్తాడు. మా సభ్యురాలు ఒకరు వారం వంతున దగ్గరుండి చూస్తుంది. ఇంజను తిరుగుతుండగా మాత్రం ఎవరూ ఆ షాఫ్టు దగ్గరికి పోకూడదు, చీర కొంగు పడితే ప్రాణం పోతుంది. పొద్దున్నే బండి కదలకముందు కింద నేల చూస్తాం. ఆయిలు చుక్క కనిపిస్తే ఆ పూటే మెకానిక్కుకు ఫోను. ఆయిలు బిరడా తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉందంటే లోపలికి నీళ్లు పోయినట్టే. అప్పుడు ఇంకొక్క గంట కూడా నడపకూడదు. బ్లేడ్లు అరిగితే కూడా తెలుస్తుంది. నేల సరిగా తెగదు, అదే ఎకరానికి ఎక్కువసేపు పడుతుంది, రైతు గొణుగుతాడు. మా రోటావేటరుకు 42 బ్లేడ్లు, బోల్టులతో కలిపి ఆరు వేలు. మా పై నేలల్లో గులకరాళ్లున్నాయి కాబట్టి నూట యాభై గంటలకే అరిగిపోతాయి. నల్లరేగడిలో ఇంకా ఎక్కువ రావచ్చు.

మూడోది ఖాళీ రోజులు. మొదటి ఏడాది బండి పని చేసింది 104 రోజులే. మిగతా 261 రోజులు షెడ్డులోనే ఉంది. కానీ రెండు లక్షల కిస్తీ, ఇన్సూరెన్సు షెడ్డులో పడుకోవు. 420 గంటల మీద వేస్తే గంటకు 476 రూపాయలు పడుతుంది. అదే 600 గంటల మీద వేస్తే 333 మాత్రమే. కిరాయి పైసా పెంచకుండానే గంటకు నూట నలభై మూడు రూపాయలు తగ్గింది. అందుకే కిరాయి 1,350 చేయకుండా ఊళ్లో ఉన్న రేటు 1,200కే పెట్టి, గంటలు పెంచే దారి చూశాం.

దమ్ములు, మొదటి దుక్కులు అందరికీ ఒకేసారి వస్తాయి. అప్పుడు ఎంత ప్రయత్నించినా రోజుకు పది గంటలు దాటదు. పని వెతకాల్సింది మిగతా నెలల్లో. పత్తి తీతలు అయిపోయాక కట్టెను తగలబెట్టకుండా రోటావేటరుతో నేలలో కలిపించమని రైతులను అడిగాం. మొక్కజొన్న కోసిన చేలలో మొదళ్లు కూడా అంతే. పాత కల్టివేటరు ఒకటి ఉంటే దాన్ని రోజు కిరాయికి తీసుకుని, వేసవి వానలు పడ్డప్పుడు దుక్కులు చేశాం. కల్టివేటరుకు ఇచ్చిన కిరాయి ఆ రైతుల దగ్గరే వేరేగా తీసుకున్నాం. రెండో ఏడాది డబ్బొచ్చే గంటలు 560 అయ్యాయి.

ఆ ఏడాది తిరుగుడు ఖర్చు 4,26,000. వడ్డీ కొంత తగ్గింది కాబట్టి కిస్తీలు, ఇన్సూరెన్సు 1,85,000. మొత్తం 6,11,000. కిరాయి 6,72,000. అరువు ఇరవై వేలు పోను 41,000 చేతిలో నిలిచింది. దాన్ని పంచుకోలేదు. టైర్లు, క్లచ్ ప్లేట్లు ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే, ఆ ఖాతాలో వేశాం. ఆ అక్క డబ్బు మాత్రం అంతకుముందే, వరి కిరాయిలు చేతికి రాగానే, మొదట తిరిగిచ్చేశాం.

అరువుల సంగతి కూడా ఒక మాట. చుట్టాలు, ఇరుగుపొరుగు, కాదనలేం. అందుకని గంటకు అయిదు వందలు, అంటే డీజిలు డబ్బు, ముందే ఇవ్వాలి. మిగతాది పంట అమ్మాక. మా సభ్యులకూ ఇదే లెక్క, ఇదే రేటు. మా మరిది గారికి కూడా ఇదే చెప్పాను. వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆయనే వచ్చారు.

కొనబోయే గ్రూపులకు నేను చెప్పేది ఒక్కటే లెక్క. మాకు గంటకు తిరుగుడు ఖర్చు 760 రూపాయలు. 1,200లో 440 నిలుస్తుంది. 1,85,000ను 440తో భాగిస్తే 420 గంటలు. అవి దాటాకే మనకు రూపాయి. మా నేలల్లో రోటావేటరు ఎకరాన్ని ఒకసారి దున్నడానికి గంట, గంటంబావు పడుతుంది. అంటే మూడు వందల యాభై ఎకరాలు ఒక్కొక్కసారి దున్నాలి. దమ్ముకు రెండుసార్లు తిప్పితే ఆ ఎకరం రెండుగా లెక్క. షోరూముకు పోకముందు ఇద్దరు సభ్యులు నోటు పుస్తకం పట్టుకుని మీ ఊరంతా తిరగండి. ఎవరిది ఎన్ని ఎకరాలు, ఇప్పుడు ఎవరి బండి పిలుస్తున్నారు, ఏ నెలలో పిలుస్తున్నారు, మీ బండి పెడితే వస్తారా అని అడిగి రాయండి. ఊళ్లో ఇప్పటికే నాలుగు బండ్లు ఉండి, మీకు రెండు వందల ఎకరాలే తేలితే కొనకండి. మాకు ఫోను చేయండి. ఖాళీ రోజుల్లో మా బండే మీ ఊరికి వస్తుంది. మీకు దుక్కి అవుతుంది, మాకు గంటలు పెరుగుతాయి.

మా పుస్తకం వెంట తెచ్చాను. భోజనాల తర్వాత చూడాలనుకున్నవాళ్లు నా దగ్గరికి రండి. సెలవు.