జనం లేని ఫోటో: తెనాలి బజారు, ఒక ట్రైపాడ్, 119 ఫ్రేములు

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఫోటో గురించి మాట్లాడుకుందాం.

తెనాలిలో మా తాతయ్య వాళ్ళ ఇల్లు బజారు రోడ్డు మీదే ఉంటుంది. ముందు అరుగు, దాని వెనక టేకు గుమ్మం, గుమ్మం మీద చెక్కిన లతలు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని గోడ మీద ఎర్ర పెయింట్‌తో గీత గీసి వెళ్ళారు. గీతకి ఇవతల ఉన్నదంతా పోతుంది. అంటే అరుగు, గుమ్మం, ముందు గది. గుమ్మాన్ని ఊడదీసి కొత్త ఇంటికి పెట్టుకుందామని మావయ్య ప్లాన్. వడ్రంగి ఏమన్నాడంటే, "విప్పకముందు ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసి ఉంచండి బాబూ, ఏ ముక్క ఎక్కడిదో తర్వాత తెలియాలి కదా."

సింపుల్ పనే అనుకున్నా. కానీ మొత్తం గుమ్మం, అరుగు ఒకే ఫ్రేములో రావాలంటే రోడ్డుకి అవతలి పక్కన నిలబడాలి. మధ్యలో బజారు. ఉదయం ఏడింటికే పాల వ్యాన్, స్కూల్ ఆటోలు, పూలమ్మే ఆమె, పక్కన టీ బండి దగ్గర జనం. అరగంట నిలబడ్డా ఒక్క ఖాళీ క్షణం కూడా దొరకలేదు.

ఇక్కడే టెంపోరల్ మీడియన్ పనికొచ్చింది. ఐడియా ఏంటంటే, అందరూ ఒకేసారి పక్కకి తప్పుకోవాల్సిన అవసరం లేదు. గోడ మీద ఒక్కో చుక్క, ఏదో ఒక టైంలో, సగానికి పైగా సేపు కెమెరాకి కనపడితే చాలు.

ఒక్క పిక్సెల్ తీసుకుందాం. అది గోడ మీది పిక్సెల్. కొంచెం కొంచెం గ్యాప్‌తో 9 ఫ్రేములు తీశాం. దాని బ్రైట్‌నెస్ ఇలా వచ్చింది: 182, 181, 183, 60, 182, 95, 181, 184, 183. ఆ 60 ఏంటి? ఎవరిదో నల్ల చొక్కా. 95? ఆటో టాప్. ఇప్పుడు యావరేజ్ తీస్తే 159 వస్తుంది. ఆ 159 గోడ కాదు, చొక్కా కాదు. గోడ మీద మసి పూసినట్టు ఉంటుంది. యావరేజ్‌తో చేసిన ఫోటోల్లో మనుషులు దెయ్యాల్లా కనపడటానికి కారణం ఇదే. అదే నంబర్లని చిన్నది నుంచి పెద్దదానికి వరస పెట్టండి: 60, 95, 181, 181, 182, 182, 183, 183, 184. సరిగ్గా మధ్యలో ఉన్నది 182. అది గోడే. ఆ చొక్కా 60 కాకుండా 5 అయినా సమాధానం మారదు, అది వరసలో మొదటే నిలబడుతుంది కాబట్టి. ఇదే లెక్క ప్రతి పిక్సెల్‌కీ, రెడ్, గ్రీన్, బ్లూ మూడింటికీ విడివిడిగా చేస్తాం. అంతే.

ఇప్పుడు నేను చేసిన మొదటి తప్పు. వీడియో 10 సెకన్లు తీశా. సెకనుకి 30 ఫ్రేములు, మొత్తం 300. 300 అంటే బోలెడు కదా అనుకున్నా. రిజల్ట్‌లో పూలమ్మే ఆమె బుట్టతో సహా చక్కగా నిలబడి ఉంది! ఎందుకంటే ఆ పది సెకన్లూ ఆమె బేరం ఆడుతూ అక్కడే ఉంది. పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకే ఫోటోకి జిరాక్సులు. 300 జిరాక్సులు ఉన్నా కొత్త సమాచారం లేదు. ఫ్రేముల లెక్క కంటే మొత్తం ఎంత సేపు తీశామన్నదే ముఖ్యం. ఒక మనిషి ఒక చోట మామూలుగా ఎంతసేపు ఆగుతాడో చూసి, దానికి కనీసం మూడు నాలుగు రెట్లు షూట్ చేయాలి. బజారులో బేరానికి ఆగితే ఐదు నిమిషాలు. అందుకే 20 నిమిషాలు తీశా. 10 సెకన్లకి ఒక ఫ్రేము చొప్పున 120 వచ్చాయి. ఒకటి డిలీట్ చేసి 119 చేశా. బేసి సంఖ్య అయితే మధ్యలో ఒకే విలువ ఉంటుంది, సరి సంఖ్య అయితే మధ్య రెండింటికీ యావరేజ్ తీస్తుంది. ఇన్ని ఫ్రేముల్లో పెద్ద తేడా రాదు, నా అలవాటు అంతే.

ఫోన్ సెట్టింగ్స్‌లో మాత్రం మొహమాటం వద్దు. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్. ఆటోలో వదిలేస్తే తెల్ల వ్యాన్ ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ఫోన్ మొత్తం ఫ్రేముని చీకటి చేస్తుంది, గోడ విలువే మారిపోతుంది. స్టెబిలైజేషన్ ఆఫ్ చేయండి. చేతిలో ఉన్నప్పుడు మంచిదే కానీ, ట్రైపాడ్ మీద అది ఫ్రేముని అనవసరంగా జరపొచ్చు. రికార్డ్ బటన్ నొక్కినప్పుడు ఫోన్ ఊగుతుంది, అందుకే మొదటి పది సెకన్లు పారేయండి.

తర్వాత లాప్‌టాప్‌లో. ముందు ఫ్రేములు బయటకి తీయాలి:

```
ffmpeg -i bazaar.mp4 -vf fps=1/10 f_%04d.png
```

తర్వాత పైథాన్:

```python
import cv2, glob
import numpy as np

files = sorted(glob.glob("f_*.png"))
stack = np.stack([cv2.imread(f) for f in files])
out = np.median(stack, axis=0)
cv2.imwrite("clean.png", out.astype(np.uint8))
```

కోడ్ రాయడం ఇష్టం లేకపోతే ఫోటోషాప్‌లో స్క్రిప్ట్స్ మెనూలో స్టాటిస్టిక్స్ అని ఉంటుంది, అందులో మీడియన్ ఎంచుకుంటే ఇదే పని. ఒక హెచ్చరిక: 1080p ఫ్రేము ఒక్కోటి మెమరీలో 6 ఎంబీ పైన. 119 అంటే ముప్పావు జీబీ, లెక్క చేసేటప్పుడు ఇంకో కాపీ. 4కేలో దీనికి నాలుగు రెట్లు. 8 జీబీ లాప్‌టాప్ అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు ఫోటోని అడ్డంగా వంద వంద వరసల పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీకి మీడియన్ తీసి అతికిస్తే సరి. పిక్సెల్‌కి పక్క పిక్సెల్‌తో సంబంధం లేదు కాబట్టి అతుకు కనపడదు.

రన్ చేశా. బజారు ఖాళీ! ఆటోలు లేవు, జనం లేరు, టీ బండి మాత్రం ఉంది, అది కదలదు కదా. ఫోటోలో గ్రెయిన్ కూడా మాయం, ఇన్ని ఫ్రేముల మీడియన్ నాయిస్‌ని కూడా తీసేస్తుంది. కానీ అరుగు మీద తాతయ్య ఉన్నాడు.

షూట్ మొదలైన ఐదో నిమిషంలో పేపర్ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు, పదహారో నిమిషంలో లేచి లోపలికి వెళ్ళాడు. 66 ఫ్రేములు. 119లో మధ్యది 60వది. అవసరమైన 60 కంటే ఆరు ఫ్రేములు ఎక్కువే తెచ్చుకుని తాతయ్య గోడని ఓడించాడు. తమాషా ఏంటంటే, పంచె, భుజాలు స్పష్టంగా ఉన్నాయి, పేపర్ పట్టుకున్న చేతుల దగ్గర మాత్రం అలికేసినట్టు ఉంది. పేజీలు తిప్పుతూ ఉన్నాడు కాబట్టి ఆ పిక్సెల్స్‌లో ఏ ఒక్కటీ మెజారిటీ తెచ్చుకోలేదు. మీ ఫోటోలో ఇలాంటి సగం మనిషి కనపడితే అర్థం ఇదే: అక్కడ ఒకరు సగం టైం పైనే ఉన్నారు, కానీ కుదురుగా లేరు.

దీనికి ఇంకెక్కువ ఫ్రేములు తీసినా లాభం లేదు. ఆ 66 తీసేసి మిగతా 53తో మళ్ళీ రన్ చేశా. తాతయ్య పోయాడు. కొత్త సమస్య వచ్చింది. గోడ మీద అక్కడక్కడా లేత మచ్చలు, తడి ఆరుతున్న సున్నంలాగా.

దీని మీద ఒక సాయంత్రం పోయింది. కారణం వెలుతురు. ఎక్స్‌పోజర్ లాక్ చేశా, కానీ సూర్యుణ్ణి లాక్ చేయలేం. ఇరవై నిమిషాల్లో గోడ మెల్లగా తెల్లబడింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి మొదటి ఐదు నిమిషాల చీకటి ఫ్రేములు, చివరి నాలుగు నిమిషాల వెలుతురు ఫ్రేములు. జనం అడ్డు రాని చోట మీడియన్ మొదటి గుంపు నుంచి వచ్చింది. మొదట్లో గోడకన్నా తెల్లటి బట్టలవాళ్ళు అడ్డుపడిన చోట రెండో గుంపు నుంచి వచ్చింది. రెండూ గోడే, కానీ రెండు టైముల గోడ. పరిష్కారం: ఎవ్వరూ అడ్డురాని ఒక చోటు చూసుకోవాలి. నాకు మేడ పిట్టగోడ దొరికింది. ప్రతి ఫ్రేములో ఆ చోటు యావరేజ్ బ్రైట్‌నెస్ కొలిచి, అన్ని ఫ్రేముల్లో అది ఒకటే అయ్యేలా ఫ్రేము మొత్తాన్ని ఒక నంబర్‌తో గుణించా. తర్వాత మీడియన్. మచ్చలు పోయాయి. ఇది నీడలో ఉన్న గోడ కాబట్టి పని చేసింది. ఎండ, నీడ కలిసి ఉన్న గోడకి ఒక్క నంబర్ సరిపోదు. అక్కడ తక్కువ టైంలో ముగించడమో, మబ్బు పట్టిన రోజు రావడమో చేయాలి.

ఇంకో చెక్ కూడా చేయండి. మొదటి ఫ్రేములోంచి చివరి ఫ్రేముని తీసివేసి చూడండి. కట్టడం అంచుల వెంట సన్న గీతలు కనపడితే ట్రైపాడ్ కదిలిందని అర్థం. నాకు ఒక లారీ వెళ్ళాక ఒక పిక్సెల్ జరిగింది. ఒక పిక్సెల్‌కి వదిలేశా. చెక్కడాల ఫోటోకి రెండు మూడు పిక్సెల్స్ అయితే వదలకూడదు, ఫ్రేములు సరిచేసుకోవాలి లేదా మళ్ళీ తీయాలి.

రెండు ఫోటోలూ అమ్మకి పంపా. తాతయ్య ఉన్నది, లేనిది. అమ్మ ఉన్నదే ప్రింట్ వేయించింది, చేతులు అలికేసినట్టు ఉన్నా సరే. తాతయ్యకి చూపిస్తే, "అందర్నీ తీసేసి నన్నొక్కణ్ణే ఉంచావేంట్రా" అన్నాడు. మెజారిటీ తాతయ్యా, అన్నా.

ఖాళీది వడ్రంగికి పంపా. జూమ్ చేసి చూసి ఫోన్ చేశాడు. "అంతా బాగుంది బాబూ, ఎడమ పక్క కింద పట్టె కనపడట్లేదు." నిజమే. ఎవరిదో బైక్, 20 నిమిషాలూ అక్కడే పార్క్ చేసి ఉంది. 53కి 53 ఫ్రేముల్లోనూ ఉంది. ఆ బైక్ వెనక పట్టెని కెమెరా ఒక్కసారి కూడా చూడలేదు, ఏ లెక్కా దాన్ని తెచ్చివ్వలేదు. ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, ఆరింటికే, ముందు ఆ బైక్ ఎవరిదో కనుక్కుని. ఆ ఫుటేజ్‌తో ఫ్రేములు సరిచేయడం ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. అప్పటిదాకా, ఉంటా మరి.